విషయం: ఈవెనింగ్ కోర్సు కోసం వారానికి మూడు రోజులు 8–5 షిఫ్ట్ గురించి

రమేష్ గారికి,

నమస్తే. జూన్ మొదటి సోమవారం నుంచి ఫైనాన్షియల్ అనలిటిక్స్ పార్ట్‌టైమ్ కోర్సులో చేరదామనుకుంటున్నాను. క్లాసులు ఎం.జి. రోడ్‌లో సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం 6:30 నుంచి 8:30 దాకా, 24 వారాలు. ఆ మూడు రోజులూ 10–7 బదులు 8–5 పనిచేయడానికి మీ అనుమతి కావాలి. పని గంటలు తగ్గవు. 5కి బయటపడితే పట్టందూరు అగ్రహారలో పర్పుల్ లైన్ ఎక్కి టైముకి చేరిపోతాను. ఆ వేళప్పుడు వైట్‌ఫీల్డ్ రోడ్డును నమ్ముకోలేం కదా.

5–7 మధ్య నాకొచ్చే మెయిళ్లలో ఎక్కువ భాగం 'పేమెంట్ ఎప్పుడు' అని వెండర్లు అడిగేవే. వాటికి మర్నాడు పొద్దున జవాబిచ్చినా సరిపోతుంది. అసలు చిక్కు జీఆర్‌ఎన్‌లతో. గోడౌన్ వాళ్లు వాటిని 5:30 దాటాక గానీ పోస్ట్ చేయరు. అవి పడితే గానీ పీఓ, ఇన్‌వాయిస్‌లతో మ్యాచ్ కావు, బిల్లు బ్లాక్‌లోనే ఉండిపోతుంది. ఇప్పుడైతే 6 తర్వాత కూర్చుని రిలీజ్ చేస్తున్నాను. ఇకమీదట సోమ, బుధవారాలవి మర్నాటికి మిగులుతాయి, ఆ రోజు 11కే పేమెంట్ రన్. అందుకని మంగళ, గురువారాల్లో 9కే వస్తాను (9–6). రోజుకి పదిహేను బిల్లులకు మించవు కాబట్టి రెండు గంటలు చాలు. క్వాంటిటీలో తేడా వచ్చినా గోడౌన్‌కి ఫోన్ చేసి తేల్చుకునే టైం ఉంటుంది. ఎంఎస్‌ఎంఈ బిల్లుల్లో 45 రోజుల గడువు దగ్గర పడ్డవి ఏ రోజుకారోజు 4 లోపే చూసేస్తాను.

5 తర్వాత అర్జెంటుగా ఏదైనా వస్తే వాణి చూస్తానంది. బదులుగా తన మెయిల్‌బాక్స్ పొద్దున 8–10 నేను చూస్తాను. బ్లాక్‌లో ఉన్న ప్రతి బిల్లుకీ కారణం, ఎవరిని అడగాలో 4:45కల్లా షేర్డ్ షీట్‌లో రాసి వెళ్తాను. నోటిమాటగా చెబితే మర్నాటికి సగం గుర్తుండదు.

నెలాఖరు క్లోజింగ్‌లో, అంటే చివరి రెండు, మొదటి రెండు పనిదినాల్లో, పాత టైమింగ్సే. 20న జీఎస్‌టీఆర్-3బీ ఉన్న రోజూ అంతే. మొత్తం 72 క్లాసుల్లో హాజరు 75 శాతం చాలు, అంటే 18 దాకా మానుకోవచ్చు. క్లోజింగ్‌లకి పోయేవి మహా అయితే 15. టీడీఎస్ కట్టే 7వ తేదీ క్లాసు రోజున పడితే ముందు రోజే పూర్తి చేస్తాను.

మొదటి ఆరు వారాలు ట్రయల్‌గా పెట్టుకుందాం. ఏ వారమైనా రెండు రోజులకు పైబడిన పెండింగ్ బిల్లులు 25 దాటితే, మీరు అడగకముందే పాత టైమింగ్స్‌కి వచ్చేస్తాను. ఆ లెక్క ప్రతి శుక్రవారం మీకు మెయిల్ చేస్తాను.

ఫీజు గడువు మే 20. మే 16 లోపు మీ నిర్ణయం చెబితే హెచ్‌ఆర్ పోర్టల్‌లో షిఫ్ట్ రిక్వెస్ట్ పెట్టేస్తాను. మాట్లాడాలనుకుంటే గురువారం 3 తర్వాత ఖాళీగానే ఉంటాను.

సుజాత
అకౌంట్స్ పేయబుల్ టీమ్