ఇయర్‌పీస్ గరగర: వారంటీలో ఉన్న ఫోన్‌కు డబ్బులు అడగడంపై ఫిర్యాదు

తిరుపతి,
9 మార్చి 2026.

సర్వీస్ సెంటర్ మేనేజర్ గారికి,

అయ్యా,

నేను 14 ఆగస్టు 2025న కొన్న ఫోన్‌కు ఏడాది వారంటీ ఉంది. జనవరి నుంచి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే అవతలివాళ్ల మాటతో పాటు గరగరమని శబ్దం వస్తోంది. వాల్యూమ్ పెంచితే గరగరే పెరుగుతోంది తప్ప మాట తెలియడం లేదు.

ఇది నెట్‌వర్క్ సమస్యేమో అని మీ కౌంటర్‌లో అన్నారు. రెండు సిమ్‌లతోనూ ఇలాగే ఉంది. ఫోన్‌లోనే దాచుకున్న వాయిస్ మెసేజ్‌ను, నెట్ ఆపేసి చెవి దగ్గర పెట్టుకుని విన్నా అదే గరగర. అదే కాల్ స్పీకర్‌లో పెడితే, వైరు ఇయర్‌ఫోన్‌లో వింటే శుభ్రంగా వినిపిస్తుంది. లోపం ఇయర్‌పీస్‌లోనే ఉందని చెప్పడానికి ఇంకేం కావాలి?

ఫిబ్రవరి 12న ఫోన్ మీకు ఇచ్చాను. ఇయర్‌పీస్ జాలీని బ్రష్‌తో తుడిచి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, బాగైందని తిరిగిచ్చారు. రెండు రోజులు కూడా గడవకముందే మళ్లీ మొదలైంది. మార్చి 6న తీసుకొస్తే, లోపల తేమ చేరింది, వారంటీ వర్తించదు, 1,850 రూపాయలు కట్టండి అన్నారు.

ఇక్కడే నాకు అభ్యంతరం. ఫిబ్రవరి 12 నాటి జాబ్ షీట్‌లో నీటి తడి ఆనవాళ్లు లేవని మీ టెక్నీషియనే రాసి సంతకం పెట్టారు. గరగర అప్పటికే ఉంది. అంటే తేమ లేనప్పుడే లోపం ఉందన్నమాట. సిమ్ ట్రే సందులో తడి తగిలితే ఎర్రబడే పట్టీ ఇప్పటికీ తెల్లగానే ఉంది, మార్చి 6న మీవాళ్లకు చూపించాను కూడా. తేమ ఎక్కడ కనిపించిందో అడిగితే ఫోటో లేదు, రాతపూర్వక రిపోర్టూ లేదు.

నేను ట్రావెల్స్‌లో బుకింగ్‌లు చూస్తాను. కొండకు వెళ్లే భక్తులు టైము, పికప్ చోటు ఫోన్‌లోనే చెబుతారు. బస్టాండు హారన్ల మధ్య ప్రతి కాల్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడలేను. మొన్న రేణిగుంట రైల్వే స్టేషన్ అంటే ఎయిర్‌పోర్టు అని వినపడి బండి అటు పంపాను. పార్టీతో తిట్లు పడ్డాయి.

కాబట్టి ఇయర్‌పీస్‌ను ఒక్క రూపాయి తీసుకోకుండా మార్చి ఇవ్వండి. లేదంటే వారంటీ ఎందుకు వర్తించదో ఫోటోలతో సహా రాసివ్వండి. పోయినసారిలా నన్ను అడగకుండా ఫోన్ రీసెట్ చేయొద్దు, కస్టమర్ల నంబర్లు మళ్లీ పోగొట్టుకోలేను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. జాబ్ షీట్‌లో ఉన్న నంబరు మా ఆవిడది, దానికే ఫోన్ చేయండి. నాకు చేస్తే మీ మాట నాకు సరిగా వినపడదు.

ఇట్లు,
కె. మునిరత్నం,
కొర్లగుంట, తిరుపతి.

జతపరిచినవి: బిల్లు, రెండు జాబ్ షీట్లు, సిమ్ ట్రే ఫోటో.