మా ఇంటికి పాప వచ్చింది!

అందరికీ నమస్తే!

మాకు పాప పుట్టింది. మంగళవారం తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు. బరువు 2 కిలోల 900 గ్రాములు, పొడవు 49 సెంటీమీటర్లు. నార్మల్ డెలివరీ. పాపా నేనూ ఇద్దరం క్షేమం. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చేశాం. తీరిక లేనివాళ్లకు ఇంతే సంగతులు. మిగతాది పాప నిద్రపోయినప్పుడల్లా కొంచెం కొంచెంగా టైప్ చేశాను, మీరూ నెమ్మదిగా చదువుకోండి.

డాక్టర్ చెప్పిన తేదీకి ఇంకా తొమ్మిది రోజులు ఉంది. సోమవారం రాత్రి చిన్నూని పడుకోబెట్టి, దుప్పటి కప్పి లేచాను, అంతే, ఉమ్మనీరు పోయింది. కిరణ్ కారు తాళాలు తీసుకుని కిందికి పరిగెత్తాడు, బ్యాగు మాత్రం మంచం పక్కనే ఉండిపోయింది. ఎదురింటి అక్క దాన్ని పట్టుకుని కారు దాకా వచ్చి, మేం అడగకుండానే ఆ రాత్రి చిన్నూ పక్కన పడుకుంది. తెల్లారి వాడు లేచి ఏడుస్తాడేమోనని నాకు నొప్పుల కంటే అదే ఎక్కువ టెన్షన్. వాడు ఏడవలేదట. "అమ్మ చెల్లిని తేవడానికి వెళ్లిందా?" అని అడిగి మళ్లీ పడుకున్నాడట. చెల్లే అని వాడు మొదటి నుంచీ అంటున్నాడు. వాడి మాటే నెగ్గింది.

పుట్టగానే పాపని నా గుండెల మీద పడుకోబెట్టారు. అంతసేపు గుక్కపెట్టి ఏడ్చిన పిల్ల ఒక్కసారిగా ఊరుకుని, కళ్లు విప్పి నా మొహంకేసి చూసింది. అప్పుడే పుట్టిన పిల్లలకు ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరం వరకే కాస్త స్పష్టంగా కనిపిస్తుందని నర్సమ్మ చెప్పింది. అంటే పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఉండేంత దూరం. ఆ మాట విన్నప్పటి నుంచి పాలిచ్చేటప్పుడు ఫోన్ ముట్టుకోబుద్ధి కావడం లేదు. మీ కాల్స్ చాలావాటికి పలకనిది అందుకే. రోజుకి పదిసార్లయినా తాగుతోంది మరి.

మీలో చాలామందికి ఇది అనుకోని వార్త అని తెలుసు. నేను కడుపుతో ఉన్న సంగతే చెప్పలేదని కోపం వచ్చినా అర్థం చేసుకుంటాను. రెండేళ్ల క్రితం ఒక బిడ్డని మూడో నెలలోనే పోగొట్టుకున్నాం. అప్పుడు అందరికీ ముందే చెప్పి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ మళ్లీ ఆ మాట చెప్పుకోవడం చాలా కష్టమైంది. ఈసారి పాప చేతిలోకి వచ్చాకే చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. పెద్దమ్మా, పిన్నీ, మిమ్మల్ని పరాయివాళ్లు అనుకుని కాదు. ఇప్పుడు గొంతెత్తి చెబుతున్నాను, మాకు పాప పుట్టింది!

ఫోటో కింద పెట్టాను. జుట్టు ఎంతుందో చూడండి! ఎవరి పోలిక అనేది మీరే తేల్చండి, కానీ రంగు గురించి మాత్రం ఎవరూ మాట్లాడొద్దు, ప్లీజ్. ఫోటో మన గ్రూపులోనే ఉండనివ్వండి. స్టేటస్‌లో గానీ వేరే గ్రూపుల్లో గానీ పెట్టకండి. పేరు ఇంకా అనుకోలేదు. రెండు పేర్ల దగ్గర ఆగాం. ఖాయం కాగానే ఇక్కడే చెబుతాను.

ఇంటికొచ్చే రోజు తూకం వేస్తే పాప 170 గ్రాములు తగ్గింది. మావయ్య కంగారుపడ్డారు, నిజం చెప్పాలంటే నేనూ పడ్డాను. మొదటి కొన్ని రోజుల్లో పిల్లలందరూ కొంచెం తగ్గుతారట, మామూలుగా రెండు వారాలలోపు పుట్టినప్పటి బరువుకి మళ్లీ వచ్చేస్తారట. పాలు బాగా తాగుతోంది, తడిపే గుడ్డలూ లెక్కకు సరిపోతున్నాయని డాక్టర్ చూసి చెప్పారు. సోమవారం మళ్లీ చూపిస్తాం. కాబట్టి ఫోటో చూసి "చిక్కిపోయిందేంటే" అనకండి అత్తయ్యా, ఆ ఒక్క మాటకి నాకు రాత్రంతా నిద్ర ఉండదు.

పాపని చూడాలని మీకు ఎంత ఉందో, చూపించాలని మాకూ అంతే ఉంది. కానీ మూడు వారాలు ఆగండి. నాకు కుట్లు మానాలి, పాపకి పగలూ రాత్రీ తేడా ఇంకా తెలియదు. ఆ తర్వాత ఏ ఆదివారమైనా సాయంత్రం 4 నుంచి 6 మధ్య రండి, ముందురోజు కిరణ్‌కి ఒక మెసేజ్ పెట్టండి చాలు. రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని పాపని ఎత్తుకోండి. ముద్దు మాత్రం వద్దు, పాదాల మీద కూడా వద్దు. జలుబు, దగ్గు, జ్వరం ఏ కాస్త ఉన్నా తగ్గాకే రండి. పెద్దవాళ్లకు మామూలు జలుబే, నెల నిండని పిల్లలకు అది ఊపిరి ఆడనంత దాకా పోవచ్చు. ఇది ఎవరినీ దూరం పెట్టడం కాదు, మా అమ్మకీ ఇదే చెప్పాను, ఆవిడ మాస్క్ పెట్టుకునే తిరుగుతోంది.

బహుమతులేవీ తేవద్దు. చిన్నూ చిన్నప్పటి బట్టలు, ఉయ్యాల అన్నీ భద్రంగా ఉన్నాయి. ఏదో ఒకటి చేయాలని మరీ అనిపిస్తే, వచ్చినప్పుడు చిన్నూని ఓ గంట పార్కుకి తీసుకెళ్లండి. అంతకంటే పెద్ద సాయం లేదు.

వాడి గురించి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. వాడికి నాలుగేళ్లు. మీరు గుమ్మంలోకి రాగానే పాప ఏదని అడగకుండా, ముందు వాడిని పలకరించండి. "ఇంక నిన్నెవరు చూస్తారురా" అని సరదాకి కూడా అనొద్దు. మొన్న ఆస్పత్రిలో ఎవరో ఆ మాట అంటే, వాడు ఏమీ మాట్లాడకుండా వచ్చి నా చీర కొంగు పట్టుకుని గంటసేపు వదల్లేదు.

ఐదు నెలలుగా వాడు రోజూ పడుకునే ముందు నా పొట్ట మీద చెయ్యి వేసి "గుడ్ నైట్ బుజ్జీ" అనేవాడు. బుధవారం సాయంత్రం పాప ఎవరెత్తుకున్నా ఊరుకోవడం లేదు. వాడు మంచం ఎక్కి, చెవి దగ్గరికి వంగి, పగలా రాత్రా అని చూసుకోకుండా అదే మాట అన్నాడు. పాప ఏడుపు ఆపి అటు తల తిప్పింది. కడుపులో ఉండగా విన్న గొంతుల్ని పిల్లలు గుర్తుపడతారని ఎక్కడో చదివాను, కళ్లారా చూడటం వేరు. కిరణ్ కిటికీ వైపు తిరిగి నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. వాడు మాత్రం "నేను చెబితే వింటుంది" అని అప్పటి నుంచి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.

ఫోన్ చేయాలనుకుంటే సాయంత్రం 7 తర్వాత కిరణ్ నంబరుకి చేయండి. ఎత్తేది చిన్నూనే. వాళ్ల చెల్లి కబుర్లు మీకు వాడే చెబుతాడు.

ప్రేమతో,
సుధ, కిరణ్, అన్నయ్య చిన్నూ, ఇంకా పేరు పెట్టని మా బుజ్జి