అరకు క్యాంపుకు ముందు మీ కిట్ మీరే చూసుకోండి

ట్రూప్, విశ్రామ్. పెట్రోల్ వారీగా కూర్చోండి. సింహం ఇటు, గద్ద మధ్యలో, చిరుత ఆ చెట్టు వైపు. వెనక వాళ్లకు వినబడుతోందా?

ఇవాళ బుధవారం. శుక్రవారం ఉదయం 6 గంటలకు స్కూల్ గేటు దగ్గర బస్సు ఎక్కుతాం. ఎస్.కోట మీదుగా ఘాట్ రోడ్డెక్కి అరకు. మూడు రాత్రులు గుడారాల్లోనే. డిసెంబరులో అక్కడి చలి మన విజయనగరం చలిలా ఉండదు. తెల్లవారుజామున మంచు కురుస్తుంది, బయట వదిలేసిన బట్ట పిండితే నీళ్లు కారేంత తడుస్తుంది. టార్చి వెలగలేదనో, బూటు ఊడిందనో అక్కడ రాత్రి పదింటికి తెలిస్తే ఎవరమూ ఏమీ చెయ్యలేం. ఇక్కడ తెలిస్తే రేపు సాయంత్రం లోపు బాగుచేసుకోవచ్చు. అందుకే ఈ మాటలు ఇవాళే చెబుతున్నాను.

కిట్ లిస్టు పోయిన వారమే ఇచ్చాను, మళ్లీ చదవను. ఆ లిస్టులో ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలో చెబుతాను. సర్దిన బ్యాగు చూసి "అన్నీ ఉన్నాయి" అంటే చాలదు. ప్రతి వస్తువునూ ఒకసారి వాడి చూడాలి. ఇంకో మాట. మీ బ్యాగు అమ్మగారు సర్దకూడదు. పక్కన కూర్చుని చూడమనండి, సలహా అడగండి, కానీ లోపల పెట్టే చెయ్యి మీదే కావాలి. అమ్మ సర్దిన బ్యాగులో స్వెట్టర్ ఎక్కడుందో అమ్మకే తెలుస్తుంది. చీకట్లో వెతుక్కునేది మీరు.

ఇంటికి వెళ్లగానే గ్రౌండ్ షీటు నేల మీద పరవండి. పరిచే ముందు ఇద్దరు పట్టుకుని ట్యూబ్‌లైటుకు అడ్డంగా ఎత్తి చూడండి. చిల్లులుంటే వెలుతురు చుక్కలు కనబడతాయి. మడతలు పడే చోట్లే ముందు చిరుగుతుంది, అక్కడ బాగా చూడండి. చిన్న చిల్లయితే రెండు వైపులా బ్రౌన్ టేపు వేస్తే ఈ మూడు రోజులకు సరిపోతుంది. ఆ షీటు మీద మీ సామానంతా వరసగా పేర్చండి. మీదికి తీసి చూడని బ్యాగు చూసినట్టు లెక్క కాదు.

మొదట బూట్లు. క్యాంపులో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇవే. అటక మీద నెలల తరబడి పడున్న బూట్లకు జిగురు ఎండిపోతుంది. పైకి కొత్తవాటిలాగే ఉంటాయి, కొండ ఎక్కిన పది నిమిషాలకు అట్ట నోరు తెరుస్తుంది. ఇలా చూడండి: బూటు చేతిలోకి తీసుకుని, మడమ ఒక చేత్తో, ముందు భాగం ఇంకో చేత్తో పట్టుకుని వంచండి. వంగిన చోట అట్టకూ గుడ్డకూ మధ్య గోరు దూరిందంటే అది రేపు పొద్దున్నే కుట్టేవాడి దగ్గరికి వెళ్లాలి. జిగురు ఒక్కటే వేయిస్తే తడికి మళ్లీ ఊడుతుంది, చుట్టూ కుట్టు వేయించండి. తర్వాత, సాక్సుతో సహా తొడుక్కుని మీ వీధిలో అరగంట నడవండి. ఈ వయసులో మీ పాదాలు ఆరు నెలలకే పెరుగుతాయి, పోయిన ఏడు సరిపోయిన బూటు ఇప్పుడు వేళ్లు నొక్కుతుంది. కొత్త బూట్లు కొన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నలుగురు. మీరు ఇవాళా రేపూ అవే వేసుకుని తిరగండి. ఇంకా రాసుకుంటుంటే పాతవే తీసుకురండి, అవి బాగుంటే చాలు. కాలి గోళ్లు రేపు రాత్రి తీసుకోండి, దిగేటప్పుడు పొడవు గోరు బూటుకు గుచ్చుకుంటుంది.

సాక్సులు నాలుగు జతలు. మూడు పగటికి, ఒకటి రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే. ఆ నాలుగో జత వేరే కవరులో పెట్టి ముడి వెయ్యండి, ఎంత అవసరమొచ్చినా పగలు తియ్యొద్దు. తడి సాక్సుతో నడిస్తే పొక్కులు లేస్తాయి, తడి సాక్సుతో పడుకుంటే రాత్రంతా కాళ్లు వణుకుతాయి.

టార్చి. వెలిగిందా, ఆపేశారా, అంతేనా? చాలదు. గదిలో లైట్లు తీసేసి పది నిమిషాలు వెలిగించి ఉంచండి. బ్యాటరీ అయిపోవచ్చిన టార్చి మొదటి నిమిషం బాగానే వెలుగుతుంది, తర్వాత మసకబారుతుంది. సెల్స్ వేసే రకమైతే మూత తీసి లోపలి స్ప్రింగు చూడండి. తెల్లటి పొడి ఉంటే పాత సెల్స్ కారాయి. ఆ సెల్స్ పారేసి, పొడి గుడ్డతో స్ప్రింగు తుడిచి, చేతులు కడుక్కోండి. ఒక పాతదీ ఒక కొత్తదీ కలిపి వెయ్యకండి, పాతది త్వరగా నీరసించి కారుతుంది. ప్రయాణంలో సెల్స్ బయటకు తీసి ఒక కవరులో టార్చి పక్కన పెట్టండి. బ్యాగులో ఏదో ఒకటి స్విచ్చికి నొక్కుకుని దారంతా వెలిగి, అరకు చేరేసరికి సెల్స్ చచ్చిపోతాయి. ఛార్జింగు టార్చి వాళ్లు రేపు రాత్రి ఫుల్ ఛార్జి చెయ్యండి. అక్కడ మనకు ప్లగ్గు ఉండదు.

వాటర్ బాటిల్ లీటరుది. నిండా నీళ్లు పోసి, మూత బిగించి, న్యూస్ పేపరు మీద తలకిందులుగా పావుగంట నిలబెట్టండి. పేపరు తడిస్తే మూతలో రబ్బరు వాషరు పక్కకు జరిగి ఉంటుంది, సరిచేసి మళ్లీ చూడండి. ఇది చెయ్యకుండా వచ్చినవాడి దుప్పటే బస్సులో తడుస్తుంది.

తాళ్లు తీయండి, ఇప్పుడే చూస్తాను. ప్రతి ఒక్కరికీ మూడు మీటర్ల తాడు ఉండాలి. మీటరు టేపు లేకపోతే మీ స్కౌట్ కర్ర మీది కొలతలతో కొలుచుకోండి. రెండు చివర్లూ చూడండి. పోగులు విడిపోయి చీపురు పుల్లల్లా ఉన్నవి నాకు ఇక్కడినుంచే కనబడుతున్నాయి. చివర విడిపోయిన తాడుతో క్లోవ్ హిచ్ వేస్తే జారుతుంది, పోగులు ఇంకా ఇంకా విడిపోతూ తాడు పొట్టిదవుతుంది. నూలు తాడైతే సన్నటి దారంతో విప్పింగ్ చెయ్యండి. ప్రథమ సోపాన్‌లో నేర్చుకున్నదే. దారం చుట్టు తాడు మందం అంత వెడల్పు రావాలి, ఒక్కో చుట్టూ బిగించి వెయ్యాలి. నైలాన్ తాడు చివర కాల్చి మూయించాలి, అది మీరు చెయ్యొద్దు, ఇంట్లో పెద్దవాళ్లతో చేయించండి. కరిగిన నైలాన్ వేలికి అంటుకుంటే ఊడదు, తోలు కాలిపోతుంది.

బట్టల్లో చెప్పాల్సింది తక్కువ. యూనిఫాం ఒకటి ఒంటి మీద, ఒకటి బ్యాగులో. బొత్తాలు లాగి చూడండి. స్కార్ఫు, వాగిల్, విజిల్ ఒకే చోట. స్వెట్టరు, మంకీ క్యాపు ఉండాల్సిందే. సాయంత్రాలకు ఫుల్ చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు కావాలి, ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమల క్రీము ట్యూబు మూత బిగించి, విడి కవరులో.

కంచం, గ్లాసు, చెంచా స్టీలువే. వాటి మీద పేరు స్కెచ్ పెన్నుతో రాస్తే మొదటి కడుగుడుకే పోతుంది. నెయిల్ పాలిష్‌తో అడుగున రెండక్షరాలు రాసి ఆరనివ్వండి. బ్యాగు మీద మాత్రం బయట పేరు రాయకండి. పేరు, ట్రూప్, ఇంటి ఫోను నంబరు మూత లోపలి వైపు రాయండి. బయట మీ పెట్రోల్ రంగు రిబ్బను చాలు. ముక్కూ మొహం తెలియనివాడు పేరు చదివి మిమ్మల్ని పిలవకూడదు.

మందులు. రోజూ మందు వేసుకునేవాళ్లు చీటీతో సహా నాకు ఇవ్వాలి. చీటీలో పేరు, మందు, ఎంత, ఏ వేళకు, అన్నీ ఉండాలి. ఆయాసం ఉన్నవాళ్ల ఇన్‌హేలర్ మాత్రం మీ జేబులోనే ఉంటుంది, బ్యాగు అడుగున కాదు. దాని మీద తేదీ దాటిందేమో చూడండి, మిగిలిన డోసుల లెక్క ఉంటే అదీ చూడండి. రెండోది ఉంటే నా దగ్గర ఉంచండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెచ్చేవాళ్లు వెనక ఎంత నీళ్లలో కలపాలో చదవండి. పెద్ద ప్యాకెట్టు లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్దదాన్ని గ్లాసెడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై ఒంటికి చేటు చేస్తుంది. ఘాట్ రోడ్డులో వాంతి వచ్చేవాళ్లు పొద్దున్న పొట్ట నిండా తినకండి, ఖాళీ కడుపుతోనూ రాకండి. రెండు ఇడ్లీలు చాలు. మీ పేర్లు రేపు చెప్పండి, ముందు సీట్లు ఇస్తాను.

తేకూడనివి: ఫోను, చాకు, అగ్గిపెట్టె, లైటరు, గాజు సీసా. చాకు, అగ్గిపెట్టె పెట్రోల్ పెట్టెలో ఉంటాయి, లీడర్ దగ్గర. ఇంటి దగ్గర చేసిన తినుబండారాలు తేవచ్చు, అయితే బస్సు దిగగానే పెట్రోల్ డబ్బాలోకి వెళ్లాలి. గుడారంలో తిండి దాచుకుంటే చీమలొస్తాయి, తర్వాత ఎలకలొచ్చి బ్యాగు కొరుకుతాయి.

ఇక సర్దడం. బ్యాగు లోపల ముందు పెద్ద ప్లాస్టిక్ కవరు పెట్టి, అందులో సర్దండి. రాత్రికి కావలసిన దుప్పటి, పడుకునే బట్టలు అడుగున. బరువైనవి మధ్యలో, వీపుకు ఆనుకుని. బయటి వైపు పెడితే బ్యాగు వెనక్కి లాగుతుంది, మీరు ముందుకు వంగి నడుస్తారు, మెడ నొప్పి. టార్చి, స్వెట్టరు, బాటిల్ పైన. సర్దాక బరువు చూడండి. ఇంట్లో మిషను లేకపోతే కిరాణా కొట్టు కాటా మీద పెట్టమనండి. 35 కిలోల పిల్లవాడికి 5 కిలోలు బాగుంటుంది, 7 దాటితే ఏదో ఒకటి తీసెయ్యాలి. తీసేది మూడో టీషర్టు కావాలి, దుప్పటి కాదు. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. పట్టీ కుట్టు తెగేదైతే అక్కడే తెలుస్తుంది. జిప్పు పట్టేస్తుంటే కొవ్వొత్తి రుద్దండి.

రేపు సాయంత్రం నాలుగున్నరకు ఇక్కడే కిట్ ఇన్‌స్పెక్షన్. గ్రౌండ్ షీటు పరిచి అన్నీ దాని మీద పెట్టాలి. పెట్రోల్ లీడర్లు ముందు మీ ఎనిమిది మందివీ చూసి, తర్వాత నన్ను పిలవండి. ఏదైనా కొనలేని పరిస్థితి ఉంటే సిగ్గుపడకండి, ఇవాళే నాకు విడిగా చెప్పండి. ట్రూప్ స్టోరులో నాలుగు దుప్పట్లు, మూడు టార్చీలు, రెండు గ్రౌండ్ షీట్లు ఉన్నాయి. ఇంకా ఇద్దరి అనుమతి పత్రాలు రాలేదు, ఎవరో వాళ్లకే తెలుసు, రేపు నాన్నగారి సంతకంతో రావాలి.

చిరుత వాళ్లు వెళ్లేముందు ఆ తాళ్లు నాకు చూపించండి. ట్రూప్, సావధాన్. విసర్జన్.