మైకు కోటయ్య గారికి

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలకు, చాపల మీద సర్దుకుని కూర్చున్న మా హైస్కూలు పిల్లలకు, రోజూ పేపరు చదివే టైము ఇవాళ మా కోసం వదులుకున్న పాఠకులకు.

మొదట ఒక మార్పు చెప్పేస్తాను. బ్యానరు మీద ఒక పేరుంది, వేదిక మీద ఇంకొకరు కూర్చున్నారు. ఇదేంటని గుసగుసలు అప్పుడే నాకు వినిపిస్తున్నాయి. యూనివర్సిటీ నుంచి రావాల్సిన ప్రొఫెసర్ గారు పొద్దున బయల్దేరబోతూ ఫోన్ చేశారు. ఇంట్లో వాళ్ల అమ్మగారికి ఉన్నట్టుండి ఒంట్లో బాగోలేదట, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. ఫోన్‌లోనే రెండుసార్లు క్షమించమన్నారు. అమ్మను చూసుకోండి సార్, సభ సంగతి మేం చూసుకుంటాం అని చెప్పాం. ఆవిడ త్వరగా కోలుకోవాలని మనందరం కోరుకుందాం.

ఇక సభ సంగతి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఇవాళ మనం అనుకున్న విషయం పడవ గ్రంథాలయం. అది మారలేదు, మాట్లాడే మనిషే మారారు. పిల్లలకు ఆ పడవ గురించి తెలియకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటి వాళ్లు ఊరూరా తిరిగి, లైబ్రరీ పెట్టడాన్ని ఒక ఉద్యమంగా నడిపారు. ఆ ఊపులోనే 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి పుస్తకాలను పడవకెక్కించి, కాలువ వెంట ఊళ్లకు పంపారు. రోడ్డు లేని ఊరుంటుందేమో గానీ, మన డెల్టాలో కాలువ లేని ఊరుంటుందా? పడవ రేవులో ఆగితే జనం వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. చరిత్ర వరకు నాకు తెలిసింది ఇంతే. తెలుగు టీచర్ని, అంతకు మించి అడిగితే పద్యం అందుకుంటాను.

పుస్తకాల సంగతి సరే. మరి ఆ పడవ నడిచిన కాలువ సంగతి? ఎదురు నీటిలో పడవ ఎలా వెళ్లేది? లాకు దగ్గర నీళ్లు ఒక పక్క ఎత్తులో, ఇంకో పక్క పల్లంలో ఉంటే, ఆ బరువుతో పడవ ఇటు నుంచి అటు ఎలా దాటేది? ప్రొఫెసర్ గారు వచ్చినా ఇది మాత్రం ఈయన్నే అడిగేవారని నా నమ్మకం. పక్కన కూర్చున్న ఈయన, కోటయ్య గారు.

అబ్బో, చప్పట్లు అప్పుడేనా! ఇంకా పరిచయం చెయ్యందే.

నిజం చెప్పాలంటే పరిచయానికి నా దగ్గర పెద్ద కాగితమేమీ లేదు. ఇదిగో, ఇందాక లైబ్రేరియన్ గారు రశీదు వెనక రాసిచ్చిన చీటీ. ఇందులో రెండే లైన్లున్నాయి. కాలువ లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. మన గ్రంథాలయానికి రోజూ వచ్చే పాఠకులు. అంతే. బిరుదుల్లేవు, సన్మానాల్లేవు. లేనివి కలపొద్దని ఆయన కూడా గట్టిగానే చెప్పారు. "అమ్మా, పుస్తకాల పడవ నేను చూశానని మాత్రం అనొద్దు. అప్పటికి నేను పుట్టనే లేదు" అన్నారు. కాబట్టి అననండి. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి కాలువలో ఇంకా సరుకు పడవలు తిరుగుతుండేవి. వాటిని తన చేతుల మీదుగా లాకు దాటించారు. అది మాత్రం ఖాయంగా చెప్పొచ్చన్నారు.

లస్కరంటే ఎవరని ఏడో తరగతి వాళ్లు మొహమొహాలు చూసుకుంటున్నారు. మీ పొలానికి నీళ్లు ఎప్పుడొస్తాయని మీ నాన్నగారు ఎవర్ని అడిగేవారో, కాలువ గట్టుకి గండి పడితే అర్ధరాత్రి ఎవరి తలుపు కొట్టేవారో, ఆయనే లస్కరు. వంతులొచ్చినప్పుడు తూము తలుపు ఎత్తాలి, దించాలి. పై ఊరివాళ్లు ఇంకాసేపు ఉంచమంటారు, కింది ఊరివాళ్లు మాకు చాల్లేదంటారు. ఇద్దరితోనూ తిట్లు తిని, ఇద్దరితోనూ మంచిగా ఉండి రిటైరవడం ఎంత కష్టమో ఇక్కడున్న రైతులకి నేను చెప్పాలా?

చీటీలో లేని ముక్క ఒకటి నేను కలుపుతాను. ఇది నేను కళ్లారా చూసింది కాబట్టి కోటయ్య గారు కాదనలేరు. స్కూలు వదిలాక ఎప్పుడైనా ఇటు వస్తే, కిటికీ పక్క బల్ల దగ్గర ఈయన కనిపిస్తారు. మనం పేపరు తీస్తే మొదటి పేజీ చూస్తాం, పిల్లలైతే ఆటల పేజీ. ఈయన నేరుగా లోపలి పేజీలో జలాశయాల నీటిమట్టాలు వేసే ఆ చిన్న గడి దగ్గరికి వెళ్తారు. శ్రీశైలం ఎంత, సాగర్ ఎంత. శ్రీశైలం నిండితే 885 అడుగులు, సాగర్ నిండితే 590. ఆ అంకెలు ఈయనకి ఎక్కాల్లాగా కంఠతా వచ్చు. చూసి, జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి, అంకె కింద సన్నగా ఒక గీత గీస్తారు. తర్వాతే మిగతా వార్తలు. పేపరు మీద గీతలు గీయకూడదని గోడ మీద బోర్డుంది. లైబ్రేరియన్ గారు అటు తిరిగి నవ్వుతున్నారు గానీ, ఆ గీతల గురించి ఇంతవరకు ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఉద్యోగం వదిలి ఇన్నేళ్లయినా పైన నీళ్లెన్ని ఉన్నాయో చూసుకోనిదే ఈయనకి రోజు మొదలవదు.

ఇందాక వెళ్లి, తాతగారూ మీరు మాట్లాడాలండీ అంటే, "నాకు ఉపన్యాసాలు రావమ్మా" అన్నారు. ఉపన్యాసం వద్దు, పడవని లాకు ఎలా దాటించేవారో చెప్పండి చాలన్నాను. వెంటనే కళ్లజోడు తీసి తుడుచుకుని, "ముందు కింది తలుపులు మూయాలి" అని మొదలుపెట్టేశారు! ఆగండి తాతగారూ, అది అందరూ వినాలని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకొచ్చాను. అందుకని ఆ తర్వాత ఏంటో నాకూ తెలియదు, మీతో పాటే వింటాను.

ఆయన పెట్టిన షరతులు రెండున్నాయి. పావుగంటకి మించి మాట్లాడరు, మధ్యాహ్నం మందు టైము దాటకూడదు. రెండోది, ప్రశ్నలు పెద్దవాళ్ల కంటే ముందు పిల్లలే అడగాలి. కాబట్టి పిల్లలూ, వింటూ ఒక్కో ప్రశ్న అనుకోండి. బోర్డు మీద బొమ్మ గీసి చూపించమని అడిగినా గీస్తారు, ఇదిగో సుద్దముక్క కూడా ఇక్కడ పెట్టాను. శాలువా చివర్లో కప్పుతాం. ముందే కప్పితే చెయ్యి ఆడదని ఆయనే అన్నారు.

కోటయ్య గారూ, రండి. కూర్చునే మాట్లాడండి, మైకు కిందికి దించుతాను. కొంచెం దగ్గరగా పెట్టుకోండి, వెనక వాళ్లకి వినపడాలి. ఆ, ఇప్పుడు చెప్పండి. కింది తలుపులు మూశాం. తర్వాత?