శనివారం నుంచి పొడి చెత్త సేకరణ – కలిపిన సంచులు తీసుకోబడవు

ఫ్లాట్ యజమానులకు, అద్దెకు ఉంటున్న కుటుంబాలకు నమస్కారం.

వచ్చే శనివారం నుంచి ప్రతి శనివారం ఉదయం 7 నుంచి 9:30 గంటల వరకు సెల్లార్‌లో, జనరేటర్ గది పక్కన పొడి చెత్తను తీసుకుంటాము. తడి చెత్త ఎప్పటిలాగే రోజూ ఉదయం జీహెచ్ఎంసీ ఆటోకు వెళుతుంది.

కాగితాలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ డబ్బాలు, పాల ప్యాకెట్లు, రేకు డబ్బాలు, సీసాలు పొడి చెత్త. పాల ప్యాకెట్లను, పెరుగు డబ్బాలను ఒకసారి కడిగి ఆరబెట్టి ఇవ్వండి. ప్యాకెట్ మూలను పూర్తిగా తెగిపోకుండా కత్తిరించండి; విడిపోయిన ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు. పార్సిల్ అట్టపెట్టెలను విప్పి చదును చేయండి. నూనె అంటిన అట్టను, తిన్న కాగితపు ప్లేట్లను ఇందులో వేయవద్దు.

సంచిని అక్కడే విప్పి చూస్తారు కనుక నల్ల కవర్లలో తేవద్దు. అన్నం, కూర, కాయగూరల తొక్కలు, టీ పొడి, పూజ పూలు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు వీటిలో ఏది కనిపించినా సంచి మొత్తాన్ని తిప్పి పంపిస్తాము. ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ ఒక్క సాంబారు ప్యాకెట్ కారితే వారం రోజుల కాగితమంతా తడిసి పాడవుతుంది, దానిని కొనేవారు ఉండరు, చివరకు అదంతా డంపింగ్ యార్డుకే చేరుతుంది.

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఇంతకాలం మనం కలిపి పడేసినదాన్ని మన హౌస్‌కీపింగ్ అమ్మలు చేతులతో వేరు చేశారు. గత నెల ఒక సంచిలో అన్నం కింద ఉన్న పగిలిన గ్లాసు గుచ్చుకుని వారిలో ఒకరి అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. ఇకపై వారు ఎవరి సంచినీ వేరు చేయరు. వారికి కమిటీ ఆ పని చెప్పదు, దయచేసి మీరూ విడిగా డబ్బులిచ్చి చేయించుకోవద్దు. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి, పైన ‘గాజు’ అని రాసి విడిగా అందించండి. డైపర్లు, ప్యాడ్లను కాగితంలో చుట్టి రోజువారీ ఆటోకు వేరుగా ఇవ్వాలి. బల్బులు, బ్యాటరీలు, గడువు తీరిన మందుల కోసం సెక్యూరిటీ గది వద్ద ఎర్ర డబ్బా పెట్టాము.

తిప్పి పంపిన సంచిలోని తడి భాగాన్ని మరునాడు ఆటోకు, మిగిలినదాన్ని శుభ్రం చేసి తర్వాతి శనివారం ఇవ్వండి. దానిని మెట్ల కింద, లిఫ్టు దగ్గర వదలవద్దు. సంచి ఫొటో ఆ ఫ్లాటువారికి మాత్రమే వెళుతుంది, ఈ గ్రూపులో పెట్టము. మూడోసారీ అదే జరిగితే, సర్వసభ్య సమావేశంలో నిర్ణయించినట్లు ఆ నెల మెయింటెనెన్స్‌లో 200 రూపాయలు చేరుతాయి. ఇళ్లలోనే చెత్తను వేరు చేయాలన్న నిబంధన 2016 నుంచే ఉంది. మనమే ఆలస్యం చేశాము.

పొడి చెత్త అమ్మగా వచ్చిన డబ్బు మొత్తం హౌస్‌కీపింగ్ సిబ్బందికే చెందుతుంది, లెక్కను ప్రతి నెలా 5వ తేదీన నోటీసు బోర్డులో పెడతాము. కిందికి దిగలేని పెద్దలు శుక్రవారం సాయంత్రంలోగా ఇంటర్‌కామ్‌లో సెక్యూరిటీకి చెబితే, కమిటీ సభ్యులే గుమ్మం దగ్గరకు వచ్చి తీసుకుంటారు.

– కార్యదర్శి, అపార్ట్‌మెంట్ కమిటీ