35 రోజులుగా ఆపిన అమ్మకపు సొమ్ము విడుదల కోసం ఫిర్యాదు

తిరుపతి,
17 నవంబరు 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: అక్టోబరు 13 నుంచి నా ఖాతాలో నిలిపివేసిన 1,87,761.72 రూపాయల గురించి.

అయ్యా,

నేను తిరుపతిలో మా ఇంటి నుంచి శ్రీకాళహస్తి కలంకారీ చీరలు, దుప్పట్టాలు అమ్ముకుంటాను. నా సొంత వెబ్‌సైట్‌లో కొనేవారు మీ పేమెంట్ గేట్‌వే ద్వారానే డబ్బు కడతారు. ఒప్పందం ప్రకారం ఆ డబ్బు రెండు పని దినాల్లో నా బ్యాంకు ఖాతాకు రావాలి. రెండేళ్లుగా అలాగే వచ్చింది.

అక్టోబరు 8 నుంచి 19 వరకు 41 ఆర్డర్ల మీద 1,92,300 రూపాయలు వచ్చాయి. మీ రెండు శాతం రుసుము, దాని మీద జీఎస్‌టీ కలిపి 4,538.28 రూపాయలు వెంటనే కోసుకున్నారు. మిగిలినదంతా 13వ తేదీ నుంచి హోల్డ్‌లో పెట్టారు. ఇప్పటికి ఆరు మెయిళ్లు రాశాను. ఆరింటికీ ఒకటే జవాబు: ‘మీ ఖాతా సమీక్షలో ఉంది’. ఏ ఆర్డరు మీద అనుమానమో, ఎందుకో ఒక్క మెయిల్‌లోనూ లేదు.

కారణం నేనే ఊహించుకోవలసి వచ్చింది. మామూలుగా నెలకు ముప్పై, నలభై వేలకు మించని నా అమ్మకాల్లో అక్టోబరు 11న ఒకేసారి 61,500 రూపాయల ఆర్డరు పడింది. బెంగళూరులోని ఒక కుటుంబం పెళ్లికి పన్నెండు చీరలు తీసుకుంది. అది మీ దృష్టికి వచ్చి ఉండవచ్చు. పరిశీలించడం మీ బాధ్యత, కాదనను. కానీ ఆ చీరలు 24వ తేదీన అందాయి. అందాయని వారు సంతకం చేసి పంపిన కాగితాన్ని 27ననే మీకు పంపాను. అనుమానం ఒక్క ఆర్డరు మీదైతే మిగిలిన నలభై ఎందుకు ఆపారు? 41 ఆర్డర్లూ అక్టోబరు 29కల్లా చేరాయి. ఏ కొనుగోలుదారూ తన బ్యాంకులో అభ్యంతరం పెట్టలేదు.

అడిగిన కాగితాలన్నీ ఇచ్చాను. పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, బిల్లులు, స్పీడ్ పోస్టు రసీదులు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ పంపాను. ఆ తర్వాత దుకాణం బోర్డు ఫొటో కావాలన్నారు. నాకు దుకాణం లేదు. ముందు గదిలో బీరువా తెరిచి, మడతపెట్టిన చీరల వరుసలు కనిపించేలా ఫొటో తీసి పంపాను. బోర్డు లేదు కాబట్టి చెల్లదన్నారు. ఖాతా తెరిచిన నాడు ఇంటి నుంచే వ్యాపారమని నేను రాసిస్తే మీరు ఆమోదించారు కదా!

ఇంకొకటి మీరు ప్రత్యేకంగా గమనించాలి. నెల్లూరులో ఒకామె రంగు నచ్చలేదని చీర తిప్పి పంపారు. మీ పేజీలో రిఫండ్ నొక్కితే ‘బ్యాలెన్స్ సరిపోదు’ అని వచ్చింది. లక్షా ఎనభై వేలకు పైగా మీ దగ్గరే ఉంది! ఆమె ముందు మాట పోకూడదని ఆ 4,600 రూపాయలు నా పొదుపు ఖాతా నుంచి యూపీఐ ద్వారా పంపాను. రేపు అదే మొత్తాన్ని నా సొమ్ములో మళ్లీ కోయవద్దు.

ఈ డబ్బు నా ఒక్కదానిది కాదు. శ్రీకాళహస్తిలో ఐదుగురు మహిళలు నా కోసం పని చేస్తారు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెట్టడం దగ్గర నుంచి వెదురు కలంతో గీయడం, రంగులద్దడం, మళ్లీ మళ్లీ ఉతకడం వరకు ఒక్కో చీరకు వారాలు పడుతుంది. దీపావళికి ముందు ఇస్తానన్న కూలిలో సగమే ఇవ్వగలిగాను, అదీ చేబదులు తెచ్చి. కొత్త బట్ట కొనలేక ఇద్దరికి పని ఆగిపోయింది. కార్తీక మాసం మొదలైనప్పటి నుంచి ఆర్డర్లు అడిగినవారికి లేదనే చెప్పాను.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మీలాంటి సంస్థలు అమ్మకందారుల కోసం వసూలు చేసిన సొమ్మును బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలి. అంటే అది మీ సొమ్ము కాదు. కారణం చెప్పకుండా, గడువు లేకుండా ఆపే హక్కు మన ఒప్పందంలో కూడా నాకు ఎక్కడా కనిపించలేదు.

బెంగళూరు ఆర్డరు కాక మిగిలిన నలభై ఆర్డర్ల 1,30,800 రూపాయల్లో మీ రుసుము పోగా వచ్చేది వెంటనే జమ చేయండి. బెంగళూరు ఆర్డరుపై ఇంకా ఏం తేలాలో, ఎప్పటికి తేలుతుందో నవంబరు 24లోగా రాతపూర్వకంగా చెప్పండి. తేలవలసింది ఏమీ లేకపోతే అదీ విడుదల చేయండి. విషయం తెలిసిన అధికారి ఒకరు నాతో ఫోనులో మాట్లాడాలి.

ఆ తేదీలోగా జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను.

ఆర్డర్ల పట్టిక, పోస్టు రసీదులు, బెంగళూరు వారి కాగితం, నెల్లూరు యూపీఐ రసీదు, మీ ఆరు జవాబులు దీనికి జతచేశాను.

ఇట్లు,
సుజాత
(మర్చంట్ ఖాతా చివరి అంకెలు 4471)