చంక ముక్క

షట్టరు సగం దించాక వచ్చారు వాళ్లిద్దరూ. పెద్దావిడ చేతిలో పాత తువ్వాలు మూట, వెనక కాలేజీ కుర్రాడు.

"మాస్టారు లేరండీ, ఊరెళ్లారు. రేపు మధ్యాహ్నం వస్తారు," అంది మంగ.

"మధ్యాహ్నానికి పెళ్లయిపోతుందమ్మా," అంటూనే ఆవిడ మూట విప్పింది.

కుంకుమ రంగు పట్టు జాకెట్టు. చేతుల నిండా, వెనక మెడ చుట్టూ మగ్గం వర్కు. తొడిగి చూద్దామని వేసుకున్న పెళ్లికూతురు జడ సర్దుకోవడానికి రెండు చేతులూ పైకెత్తిందట. కుడి చంక వెనక పర్రుమంది.

మంగ ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి, తిరగేసి చూసింది. కుట్టు ఊడలేదు, బట్టే చినిగింది. చంక దగ్గర మొదలై, చెయ్యి అతుకు పక్కనే పైకి రెండున్నర అంగుళాలు. పేక దారాలు తెగిపోయి, పడుగు పోగులు మాత్రం నిలువుగా వేలాడుతున్నాయి. కుట్టు మీద స్కేలు పెట్టి లెక్కపెట్టింది. అంగుళానికి 20 పడ్డాయి. పట్టుకి 10, 12 చాలు. అంత దగ్గర దగ్గరగా, అదీ లావు సూదితో కుడితే గట్టిగా ఉంటుందనుకుంటారు గానీ, అన్ని బెజ్జాలు పడ్డ పట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది. దానికి తోడు చేతులు జర్దోసీ బరువుతో అట్టలా బిగుసుకుని ఉన్నాయి, అవి సాగవు. చెయ్యెత్తినప్పుడు ఆ లాగుడంతా పల్చటి వెనక భాగం మీదే పడింది.

"లోపల ఒక గుడ్డ పెట్టి, గమ్ముతో అతికించేస్తే సరిపోదూ? పైన కొంగు ఉంటుందిగా," అంది ఆవిడ.

"గమ్ము పట్టు మీదికి మరకలా తేలుతుందండీ. ఆరాక పెళుసుగా అయ్యి దాని అంచు దగ్గర మళ్లీ చిరుగుతుంది. అయినా ఇది బిగుతు వల్ల చినిగింది. బిగుతు అలాగే ఉంచి చిరుగు మూస్తే, రేపు పీటల మీద పక్కన ఇంకోచోట పోతుంది."

"మరి ఎలాగమ్మా?"

మంగ వెంటనే జవాబు చెప్పలేదు. ఈ షాపులో కటింగు మాస్టారిదే. ఏడాదిన్నరగా తనది హుక్కులూ కాజాలూ, అంచులకి హెమ్మింగూ, ఎవరిదైనా డాటు విప్పి మళ్లీ వెయ్యడం. మాస్టారికి ఫోను చేస్తే అందుబాటులో లేరనే వస్తోంది.

"ఐదింటికి మీ ఇంటికే తెస్తాను. అక్కగారు తొడుక్కుని చూశాక ఇంకేమైనా ఉంటే అక్కడే సరిచేస్తాను. అడ్రసు రాసివ్వండి," అంది.

వాళ్లు వెళ్లాక మొదట చెయ్యాల్సింది చిరుగు పని కాదు. వెనక మెడ నుంచి దిగిన మగ్గం తీగ ఒకటి చిరుగు దాకా వచ్చి అక్కడ తెగింది. మగ్గం కుట్టు గొలుసు కుట్టు. కొస తెగిందంటే, ఎవరి గాజుకో తగిలి లాగినా చాలు, వరసంతా ఊడొచ్చేస్తుంది, పూసలతో సహా. ఊడిన మూడు పూసల్ని గిన్నెలో వేసి, వదులైన దారం కొసని సన్న సూదితో లోపలికి లాగి లైనింగు వైపు రెండు ముళ్లు వేసింది. అప్పుడు గానీ కుట్టు విప్పడానికి ధైర్యం రాలేదు.

బిగుతు తగ్గాలంటే చంకలో కుట్లు విప్పి, మధ్యలో ఒక బట్ట ముక్క వెయ్యాలి. విప్పడమూ తొందరగా అయ్యే పని కాదు. చిన్న కుట్ల కిందికి రిప్పరు మొన పోదు, బలవంతం చేస్తే పట్టులో దిగుతుంది. గుండుసూదితో ఒక్కో కుట్టు ఎత్తి, నాలుగింటికి ఒకటి బ్లేడుతో కోసి, అటువైపు నుంచి దారం లాగింది. చంక నుంచి పక్క కుట్టు కిందికి రెండున్నర అంగుళాలు, చేతి కింది కుట్టు రెండున్నర, చిరుగు పొడవునా చెయ్యి అతుకు. రెండో వైపు కూడా, అతుకు వదిలేసి మిగతాదంతా విప్పింది. ఒక చంకలోనే ముక్క వేస్తే జాకెట్టు ఆ పక్కకి వదులై, మెడ రెండో పక్కకి లాగుతుంది.

ముక్కకి బట్ట ఏది? మాస్టారు మిగిలిన పీలికల్ని బిల్లు నంబరు రాసి ఏడాది పాటు అటక మీద పెడతారు. స్టూలెక్కి వెతికితే దొరికింది పొట్లం. నాలుగు పీలికలు, ఏదీ రెండంగుళాల వెడల్పు లేదు. చంక ముక్క పూర్తయ్యాక 5 అంగుళాల పొడవు, మధ్యలో ఒకటిన్నర వెడల్పు, రెండు కొసలా సన్నబడి వేపాకులా ఉండాలి. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కుట్టుకి అన్ని వైపులా మూడు సూతులు కలిపితే వెడల్పు రెండుంబావు. ఒక్క పీలికలోనూ రాదు.

ముక్కని నిలువుగా రెండు సగాలు చేస్తే? ఒక్కో సగం ముప్పావు అంగుళం, రెండు వైపులా మూడేసి సూతులు. ఒకటిన్నర వెడల్పు చాలు. మధ్యలో అతుకు పడుతుంది, పడనీ. ఆ అతుకు సరిగ్గా పక్క కుట్టుకీ, చేతి కింది కుట్టుకీ సూటిగా వస్తుంది, ఎవరు చూసినా ఒకే కుట్టు అనుకుంటారు. పీలికలు రెండు చేతులతో లాగి చూసింది. రెండు ఏటవాలుగా ఉన్నాయి, లాగితే సాగుతున్నాయి. రెండు నిలువువి, సాగడం లేదు. సాగేవాటిని వెనక సగాలకి పెట్టింది, లాగుడు వెనకే ఎక్కువ కాబట్టి. సాగనివి ముందుకి. పాత కాగితం మీద ఆకు సగం గీసి, కత్తిరించి, ముందు ఆ కాగితాన్నే చంకలో పిన్నులతో పెట్టి చూసుకుంది. అది కుదిరాక గానీ పట్టు మీద కత్తెర పెట్టలేదు.

పదకొండు దాటింది. ఇక చిరుగు.

కింది ఒకటిన్నర అంగుళం కొత్త కుట్టులోకి వెళ్లిపోతుంది. దానివల్ల తగ్గిన వెడల్పుని చంక ముక్క తిరిగిస్తుంది. పై అంగుళం మాత్రం కనపడే చోటే ఉంది, పూసల తీగకి ఆనుకుని. ఇస్త్రీ వేడికి అతుక్కునే పల్చటి ఫ్యూజింగు ముక్కని చిరుగు కంటే చుట్టూ అర అంగుళం పెద్దగా, మూలలు గుండ్రంగా కత్తిరించింది. పలకగా ఉంచితే మూల గీత పైకి తేలుతుంది. పీలిక మీద ఒకసారి అతికించి ఇస్త్రీ వేడి చూసుకుంది. తువ్వాలు నాలుగు మడతలు వేసి, వర్కు కిందికి వచ్చేలా జాకెట్టు బోర్లించి, చిరుగు అంచులు రెండూ వేలి గోటితో కలిపి, వెనక నుంచి ఫ్యూజింగు పెట్టి, పైన పల్చటి నూలు గుడ్డ వేసింది. ఇస్త్రీ పెట్టెని జరపకుండా మొనతో పదంకెలు నొక్కి ఎత్తింది. జరిపితే కలిపిన అంచులు విడిపోతాయి. నీళ్లు చల్లితే పట్టు మీద చుక్కలు పడతాయి. వేడి పక్కనున్న చమ్కీలకి తగిలితే అవి ముడుచుకుపోతాయి.

దారం కోసం డబ్బా తెరవలేదు. రీలు దారం ఎంత రంగు కలిసినా దీపం వెలుగులో వేరే మెరుపు మెరుస్తుంది. మిగిలిన పీలిక అంచు నుంచి పేక పోగులు లాగింది. ఒక్క పోగు తెగుతుంది, అందుకని రెండు కలిపి, అన్నిటికంటే సన్న సూదికి ఎక్కించింది. జానెడు కంటే పొడుగు తీసుకుంటే బట్టలోంచి వెళ్లి వెళ్లి నూగు లేస్తుంది.

వేలాడే పడుగు పోగుల్ని కత్తిరించలేదు. వాటిని సూది మొనతో ఒక్కొక్కటీ వాటి చోట పడుకోబెట్టి, అడ్డంగా ఒకదాని మీదినుంచి, ఒకదాని కిందినుంచి సూది పోనిచ్చింది. చిరుగుకి అటూ ఇటూ ఒక సూతు మంచి బట్టలోకి వెళ్లి, అక్కడ లాగకుండా వెనక్కి తిరిగింది. తిరిగే చోట బిగిస్తే బట్ట ముడత పడుతుంది, చాలా రఫూ పనుల్లో పట్టుబడేది అక్కడే. ఒక వరస ఎక్కడ తిరిగిందో, పక్క వరస దానికి కాస్త ముందో వెనకో తిరగాలి. అన్నీ ఒకే గీత మీద తిరిగితే మళ్లీ ఆ గీత వెంట చిరుగుతుంది. అంగుళం నిండడానికి గంటకి పైనే పట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి మొహం కడుక్కుంది, చేతులు బాగా తుడుచుకుంది.

మిషను మీద 11 నంబరు సూది మార్చి, కుట్టు పొడవు పెంచి, సగాలు రెండేసి కలిపి చంక ముక్కలు తయారుచేసింది. ఎడమ చంకలో మిషను మీదే ఎక్కించింది. కుడి వైపు పూసలు అతుక్కి పావు అంగుళం దూరంలో ఉన్నాయి. పాదం కింద పూస పడితే సూది విరుగుతుంది, ఆ మొన ఎటు దిగుతుందో చెప్పలేం. ఆ రెండున్నర అంగుళాలూ చేత్తో, అరవై నంబరు దారంతో, ప్రతి కుట్టుకీ సగం వెనక్కి వచ్చి ముందుకి వెళ్లే గట్టి కుట్టు వేసింది. చంక ముక్క కొసల దగ్గర ఒకే చోట మూడు కుట్లు తిప్పి వేసింది. బిగుతంతా చివరికి వచ్చి ఆగేది ఆ మొన మీదే. లైనింగుకీ అదే కొలతలో నూలు ముక్కలు వేసింది. పైన వదులై లోపల బిగుతుగా ఉంటే చేసినదంతా దండగ. చివరికి మూడు పూసలూ వాటి తీగలో కుట్టేసింది.

ఐదింటికి వెళ్లేసరికి పెళ్లికూతురు తల దువ్వుకుంటోంది.

"భుజాలు వదిలెయ్యండి అక్కా. ఇప్పుడు దండ వేస్తున్నట్టు చేతులు ఎత్తండి. ఇంకా పైకి."

ఆమె భయంభయంగా సగం ఎత్తి ఆగింది. తర్వాత మొత్తం ఎత్తింది. మంగ వెనక నిలబడి చంక మీద వేలు పెట్టి చూసింది. కుట్టు లాగడం లేదు. ఎడమ వైపు ముక్క కింది కొస దగ్గర చిన్న ముడత పడింది. లోపలి మడతలో దారం కాస్త బిగిసింది. అక్కడే రెండు కుట్లు విప్పి, వదులుగా వేసి, వేలితో నొక్కింది.

పెద్దావిడ చిరుగు ఎక్కడని వెతుకుతోంది. రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, "ఏ చెయ్యమ్మా చినిగింది?" అంది.

"కుడిదండీ. పూసల తీగ పక్కన కాస్త మందంగా తగులుతుంది చూడండి."

అప్పుడే మాస్టారి ఫోను. రైల్లో ఉన్నారు, మాట తెగి తెగి వస్తోంది. మంగ జరిగింది చెప్పింది. ఆయన అడిగింది ఒక్కటే: "రెండు చంకలూ విప్పావా?"

"విప్పాను మాస్టారూ."

"ముక్కకి బట్ట ఎక్కడిది?"

"మన పొట్లంలోదే. సగాలు చేసి అతికాను, అతుకు పక్క కుట్టు మీదికి తెచ్చాను."

అవతల కాసేపు రైలు చప్పుడు మాత్రమే వినిపించింది. "సరే. చెమట పట్టిన పట్టు మడతపెట్టి పెట్టెలో పెట్టొద్దని వాళ్లకి చెప్పు. మిగతా అతుకంతా ఆ చిన్న కుట్టే కదా, అదీ విప్పి కుట్టాలి," అన్నారు.

మంగ ఫోను పెట్టేసి పెద్దావిడ వైపు తిరిగింది. "పెళ్లయ్యాక నీడలో ఆరబెట్టి, సోమవారం తెచ్చివ్వండి. ఎడమ చెయ్యి అతుకూ, కుడిదాన్లో మిగతాదీ ఇంకా పాత కుట్టే. అది కూడా మారుస్తాం."